హెచ్-1బి ఉద్యోగం పోతే: నోటీసు గడువు వేరు, వీసా గడువు వేరు

అమెరికాలో హెచ్-1బి మీద పనిచేస్తున్న కొడుక్కో కూతురికో ఉద్యోగం పోయిందన్న కబురు అందగానే విజయవాడ, గుంటూరు ఇళ్లలో ముందుగా వినిపించే ఊరట మాట "అరవై రోజులు టైమ్ ఇస్తారట" అన్నది. ఆ మాట అబద్ధం కాదు గానీ, అది సగం మాటే. ఇక్కడ అరవై రోజులు అనే లెక్క రెండు చోట్ల వస్తుంది. ఒకటి కార్మిక చట్టంలోని నోటీసు గడువు, రెండోది వలస నిబంధనల్లోని వెసులుబాటు గడువు. మొదటిది ఉద్యోగం పోవడానికి ముందు నడుస్తుంది, రెండోది ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి నడుస్తుంది. మొదటిది యజమాని మీద ఉన్న బాధ్యత, రెండోది ఉద్యోగి మీద పడే గడువు. అంకె ఒకటే కావడంతో ఈ రెంటినీ ఒకటిగా భావించి, చేతిలో ఎన్ని రోజులున్నాయో తప్పుగా లెక్కవేసుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ పొరపాటుకు మూల్యం కొన్నిసార్లు దేశం విడిచి వెళ్లవలసి రావడమే.

నోటీసు హక్కు వార్న్ అనే ఫెడరల్ చట్టం నుంచి వస్తుంది. 1988లో చేసిన ఈ చట్టం 1989లో అమల్లోకి వచ్చింది. 100 మంది లేదా అంతకు మించి పూర్తికాలపు ఉద్యోగులున్న సంస్థ పెద్ద ఎత్తున తొలగింపులు చేసేటప్పుడు 60 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని అది చెబుతుంది. ఇందులో పౌరసత్వ భేదం లేదు, హెచ్-1బి ఉద్యోగికీ అమెరికన్ ఉద్యోగికీ హక్కు సమానమే. అయితే "పెద్ద ఎత్తున" అన్న మాటకు చట్టంలో కొలత ఉంది, అసలు చిక్కంతా ఆ కొలతలోనే ఉంది. ఒకే పనిస్థలంలో కనీసం 50 మంది పోవాలి, ఆ సంఖ్య అక్కడి పూర్తికాలపు ఉద్యోగుల్లో మూడో వంతైనా కావాలి. 500 మంది పోతే మాత్రం ఈ వంతు లెక్క అక్కర్లేదు. ఆ స్థలాన్ని గానీ, అందులోని ఒక విభాగాన్ని గానీ పూర్తిగా మూసివేస్తే 50 మంది చాలు. అంటే 300 మంది ఉన్న ఆఫీసులో వేర్వేరు బృందాల నుంచి 80 మందిని ఏరి తీసేస్తే, వారి సంఖ్య మూడో వంతుకు చేరదు కనుక, సాధారణంగా ఫెడరల్ చట్టం ప్రకారం ఎవరికీ నోటీసు ఇవ్వనవసరం లేదు.

కొన్ని రాష్ట్రాలు ఇంతకంటె ఎక్కువ రక్షణ ఇస్తాయి. న్యూయార్క్, న్యూజెర్సీల్లో నోటీసు గడువు 90 రోజులు, కాలిఫోర్నియాలో 75 మంది ఉన్న సంస్థకే నోటీసు నియమం వర్తిస్తుంది. తెలుగువారు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో మాత్రం రాష్ట్ర చట్టమేదీ లేదు, ఫెడరల్ కొలతకు అందని తొలగింపు అక్కడ ఒక్క రోజు నోటీసు కూడా లేకుండా జరగవచ్చు. భారతదేశంలో ఆఫర్ లెటర్‌లో రాసుకునే నోటీస్ పీరియడ్‌కు అలవాటుపడిన కుటుంబాలకు ఇది అన్యాయంగా తోస్తుంది. అమెరికాలోని సాధారణ సూత్రం ప్రకారం చట్టమో ఒప్పందమో అడ్డుపడకపోతే యజమాని ఎప్పుడైనా ఉద్యోగిని తీసేయవచ్చు.

రెండో అరవై రోజులు 2017 జనవరి 17న అమల్లోకి వచ్చిన వలస నిబంధన వల్ల వచ్చాయి. అంతకు ముందు ఉద్యోగం పోయిన రోజే హెచ్-1బి ఉద్యోగి హోదా పోయినట్లు లెక్క. ఈ నిబంధన వచ్చాక, ఉద్యోగం ఆగినా 60 వరుస దినాల వరకు, లేదా అనుమతించిన బస గడువు ముగిసే వరకు, ఏది ముందైతే అంతవరకు హోదా కొనసాగుతున్నట్లే పరిగణిస్తారు. వరుస దినాలు అన్న మాటలో శని, ఆదివారాలు, సెలవులు అన్నీ కలిసే ఉంటాయి. ఆ రోజుల్లో జీతానికి పని చేయడం కుదరదు. హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్త, పిల్లల హోదా కూడా ఇదే గడువుకు కట్టుబడి ఉంటుంది. ఒక అనుమతి కాలంలో ఈ వెసులుబాటు ఒక్కసారే దొరుకుతుంది, దాన్ని తగ్గించే విచక్షణ కూడా అధికారులకు ఉంది.

ఈ గడువు ఎప్పుడు మొదలవుతుందన్నదే అసలు ప్రశ్న. కంపెనీ హెచ్-1బి పిటిషన్‌ను ఉపసంహరించుకునే దాకా సమయం ఉంటుందని చాలామంది నమ్ముతారు. అది తప్పు. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచే లెక్క మొదలవుతుంది. ముగిసిన రోజును సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజును బట్టి నిర్ణయిస్తామని వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ చెబుతోంది. తొలగింపు లేఖలో మూడు విషయాలు వేర్వేరుగా ఉండడానికి ఆస్కారం ఉంది కాబట్టి వాటిని విడివిడిగా చదువుకోవాలి. పనిచేయడం ఆపవలసిన రోజు ఒకటి, పేరోల్ నుంచి పేరు తీసేసే రోజు మరొకటి, సెవరెన్స్ సొమ్ము చేతికి వచ్చే రోజు ఇంకొకటి. వీటిలో వలస చట్టానికి సాధారణంగా పట్టింపు ఉన్నది రెండోదాని మీదే. సెవరెన్స్ ఎంత పెద్ద మొత్తమైనా, అది ఉద్యోగం ముగిసినందుకు ఇచ్చే సొమ్మే తప్ప ఉద్యోగాన్ని పొడిగించేది కాదు.

ఒక ఉదాహరణతో లెక్క వేస్తే ఇది తేటపడుతుంది. గుంటూరు బ్రాడీపేటకు చెందిన ఒక ఇంజనీరు డాలస్ శివారులోని ఒక సంస్థలో పనిచేస్తున్నాడని అనుకుందాం. 2026 మార్చి 2, సోమవారం ఉదయం 9 గంటలకు, అంటే గుంటూరులో రాత్రి 8:30కి, అతనికి మెయిలు వచ్చింది. తొలగింపు వార్న్ కొలతకు అందింది కనుక సంస్థ 60 రోజుల నోటీసు ఇచ్చి, మే 1 వరకు పేరోల్‌లో ఉంచి, మామూలుగానే జీతం చెల్లిస్తానంది. అప్పుడు వెసులుబాటు గడువు మే 2న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. మెయిలు వచ్చిన రోజు నుంచి చూస్తే నాలుగు నెలలు ఉన్నట్లే.

అదే సంస్థ నోటీసు ఇవ్వకుండా, మార్చి 2నే ఉద్యోగం ముగిసిందని చెప్పి, 60 రోజుల జీతాన్ని ఒకేసారి ఖాతాలో వేసిందనుకుందాం. చేతికి వచ్చిన డబ్బు అంతే. వార్న్ కింద నోటీసు ఇవ్వని యజమాని చెల్లించవలసినది కూడా గరిష్ఠంగా 60 రోజుల జీతభత్యాలే కనుక కార్మిక చట్టం వైపు నుంచి పెద్దగా ఫిర్యాదుకు తావు ఉండదు. కానీ వలస గడువు మార్చి 3నే మొదలై మే 1తో ముగిసిపోతుంది. మొదటి సందర్భంలో గడువు ఇంకా మొదలుకాని రోజున రెండో సందర్భంలో గడువే అయిపోతుంది. అందుకే హెచ్-1బి ఉద్యోగి సంస్థతో మాట్లాడేటప్పుడు డబ్బు ఎంత అన్నదాని కన్నా ముందు, "ఆ డబ్బును ఒకేసారి ఇవ్వకుండా పేరోల్ మీద జీతంగా ఇచ్చి, ఉద్యోగం ముగిసే తేదీని పొడిగించగలరా?" అని అడగడం మంచిది. చాలా సంస్థలకు దీనివల్ల అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం, ఉద్యోగికి దక్కేది రెండు నెలలు. పని లేకుండా కేవలం పేరోల్‌లో ఉన్న రోజులను ఏ అధికారైనా ప్రశ్నించే అవకాశం పూర్తిగా లేకపోలేదు. కాబట్టి వీలుంటే పని ఆగిన రోజు నుంచి 60 రోజుల్లోపే తరువాతి దరఖాస్తు వేసుకోవడం మరింత భద్రం.

ఇప్పుడు ఇదే ఉదాహరణలో చాలామంది చూడని కాగితం ఒకటి ఉంది. అతని హెచ్-1బి ఆమోద పత్రం 2027 సెప్టెంబరు వరకు చెల్లుతుంది. కానీ అతను కిందటేడు పెళ్లికి గుంటూరు వచ్చి తిరిగి వెళ్లినప్పుడు పాస్‌పోర్టు గడువు 2026 జూన్ 12 వరకే ఉండడంతో విమానాశ్రయంలో అధికారి ప్రవేశ రికార్డు అయిన ఐ-94లో బస గడువును కూడా ఆ తేదీకే కుదించాడు. ఐ-94 ఇప్పుడు కాగితంగా చేతికి ఇవ్వరు, వెబ్‌సైట్‌లో చూసుకోవాలి, కాబట్టి అతను గమనించలేదు. ఆమోద పత్రం తరువాత దేశంలోకి ప్రవేశించినప్పుడు ఇచ్చిన ఐ-94 బస గడువును శాసిస్తుంది. కనుక మే 2న మొదలైన అతని వెసులుబాటు జూన్ 30 దాకా సాగదు, జూన్ 12నే ఆగుతుంది. అరవై అనుకున్నది 42 రోజులైంది. పాస్‌పోర్టు ఆలస్యంగా రెన్యూ చేసుకునే అలవాటు మనవాళ్లలో ఎక్కువ కాబట్టి ఈ చిక్కు అరుదైనదేమీ కాదు. ఉద్యోగం భద్రంగా ఉన్నప్పుడే ప్రతి ప్రయాణం తరువాత ఐ-94 తేదీ చూసుకుంటే దీన్ని సరిదిద్దుకునే వీలుంటుంది, ఉద్యోగం పోయాక ఆ వీలు చాలా తగ్గిపోతుంది.

గడువులోపు ఏం జరగాలన్నది తరువాతి ప్రశ్న. కొత్త ఉద్యోగం దొరకడం ఒక్కటే చాలదు. కొత్త యజమాని వేసిన హెచ్-1బి పిటిషన్ గడువు ముగిసేలోపు యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. చేరితే చాలు, ఆమోదం కోసం ఎదురుచూడకుండానే కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు. 2000 సంవత్సరంలో వచ్చిన చట్టం కల్పించిన పోర్టబిలిటీ హక్కు ఇది. అయితే పిటిషన్ వేయడానికి ముందు కొత్త యజమాని లేబర్ కండిషన్ అప్లికేషన్‌ను కార్మిక శాఖ చేత ధ్రువీకరింపజేసుకోవాలి, దానికి 7 పనిదినాలు పడుతుంది. పై ఉదాహరణలో పిటిషన్ జూన్ 12న చేరాలంటే ఆ అప్లికేషన్ జూన్ 2 నాటికైనా వెళ్లాలి, దానికి ముందు ఆఫర్ లెటర్, లాయరు అడిగే పత్రాలు సిద్ధం కావాలి. అంటే ఆ ఇంజనీరుకు ఇంటర్వ్యూలు పూర్తిచేసి ఆఫర్ చేతబట్టుకోవడానికి నిజంగా ఉన్నది మే నెలాఖరు వరకే. మార్చిలో మెయిలు వచ్చిన రోజునే వెతుకులాట మొదలుపెట్టడానికీ, ఉద్యోగం ముగిశాక మేలో మొదలుపెట్టడానికీ ఉన్న తేడా ఇక్కడ తేలుతుంది.

ఆఫర్ రాకపోతే హోదా మార్చుకునే మార్గాలు ఉన్నాయి. జీవిత భాగస్వామికి సొంతంగా హెచ్-1బి ఉంటే హెచ్-4కు మారడం వాటిలో సులువైనది. మిగతావారిలో చాలామంది ఐ-539 దరఖాస్తుతో బి-2 సందర్శక హోదాకు మారాలని చూస్తారు. గడువులోపు వేసిన దరఖాస్తు పరిశీలనలో ఉన్నంతకాలం ఆ వ్యక్తి అక్రమంగా ఉన్నట్లు లెక్కించరు, ఇంటి సామాను సర్దుకోవడానికి, పిల్లల బడి సంవత్సరం పూర్తయ్యే దాకా ఉండడానికి ఇది అక్కరకు వస్తుంది. కానీ దీన్ని హెచ్-1బి గడువుకు పొడిగింపు అనుకోవడం ప్రమాదం. బి-2 దరఖాస్తు పెండింగులో ఉండగా, వెసులుబాటు గడువు దాటిన తరువాత కొత్త యజమాని పిటిషన్ వేస్తే, పోర్టబిలిటీ హక్కు వర్తించదు. ఆమోదం వచ్చేదాకా పనిలో చేరకూడదు. పైగా మధ్యలోని బి-2 దరఖాస్తు తిరస్కరణకు గురైతే హోదా గొలుసు తెగిపోతుంది. అప్పుడు హెచ్-1బి పిటిషన్ ఆమోదం పొందినా, దేశం లోపలే హోదా మారడం కుదరక, బయటికి వెళ్లి వీసా వేయించుకుని రావలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వారికి అది హైదరాబాదు కాన్సులేట్.

ఇంతకు ముందు ఇలా బయటికి వెళ్లి రావడం ఖర్చుతో, ఆలస్యంతో పోయే వ్యవహారం. 2025 సెప్టెంబరు 21 తరువాత దాని బరువు పూర్తిగా మారింది. ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన అధ్యక్ష ప్రకటన, తొలుత 12 నెలల కాలానికి, కొన్ని కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపును షరతుగా పెట్టింది. తరువాతి నెలలో యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం, అమెరికా బయట ఉండి చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేనివారి కోసం వేసే పిటిషన్లకు ఇది వర్తిస్తుంది. దేశంలోనే ఉండి హోదా పొడిగింపో మార్పో కోరే వారి పిటిషన్లకు వర్తించదు. అయితే ఆ కోరికకు వారు అర్హులు కారని, హోదా నిలుపుకోలేదని అధికారులు తేల్చితే లక్ష డాలర్ల షరతు మళ్లీ వచ్చి పడుతుంది. మధ్యస్థాయి సంస్థ ఏదీ ఒక ఇంజనీరు కోసం ఆ మొత్తం చెల్లించే అవకాశం తక్కువ. అంటే గడువును ఒక్క రోజు దాటడం, ఆలోచించకుండా విమానం ఎక్కడం, ఈ రెండూ పాత రోజుల్లో ఉన్నంత తేలికైన విషయాలు కావు. పాస్‌పోర్టులో ఉన్న హెచ్-1బి వీసా ముద్ర ఇంకా ఎంతకాలం చెల్లుతుందో చూసుకోకుండా "ముందు ఇంటికి వచ్చెయ్, తరువాత చూసుకుందాం" అని ఇక్కడి పెద్దలు ఇచ్చే సలహా ఎంత ప్రేమతో చెప్పినదైనా కొందరి విషయంలో తలుపు మూసేసే సలహా అవుతుంది.

యజమాని వైపు బాధ్యతలు కూడా ఉన్నాయి, అవి ఉద్యోగికి అంతగా తెలియవు. హెచ్-1బి ఉద్యోగిని అనుమతి గడువుకు ముందే తొలగిస్తే, అతను విదేశంలో చివరిగా నివసించిన చోటికి తిరిగి వెళ్లడానికి సముచితమైన ప్రయాణ ఖర్చు యజమానే భరించాలి. ఇది ఉద్యోగికే, కుటుంబ సభ్యుల టిక్కెట్లకు వర్తించదు. ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే ఈ బాధ్యత ఉండదు. అందువల్ల తొలగించిన సంస్థ "రికార్డు బాగుంటుంది, రాజీనామా ఇవ్వండి" అని అడిగినప్పుడు సంతకం చేయకపోవడమే మేలు. ఆ సంతకంతో ప్రయాణ ఖర్చే కాదు, వార్న్ కింద రావలసిన సొమ్ము కూడా పోవచ్చు, ఎందుకంటే స్వచ్ఛందంగా వెళ్లిపోయినవారిని ఆ చట్టం తొలగింపుగా లెక్కించదు. సెవరెన్స్‌కు బదులుగా హక్కులు వదులుకుంటున్నట్లు రాయించుకునే ఒప్పందాన్ని కూడా వచ్చిన రోజే సంతకం చేయనవసరం లేదు. 40 ఏళ్లు నిండిన ఉద్యోగుల చేత వయో వివక్షపై దావా వేసే హక్కు వదులుకునేలా సంతకం చేయించుకోవాలంటే, సామూహిక తొలగింపులో చట్టమే 45 రోజుల ఆలోచన గడువు, సంతకం తరువాత 7 రోజుల ఉపసంహరణ గడువు ఇస్తుంది.

తొలగింపు చట్టబద్ధంగా పూర్తి కావడానికి మూడు పనులు జరగాలి. ఉద్యోగికి తెలియజేయాలి, యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి, తిరుగు ప్రయాణ ఖర్చు ఇస్తామని చెప్పాలి. ఇవి చేయని యజమాని జీతం బాధ్యత నుంచి బయటపడలేదని 2006లో అమెరికా కార్మిక శాఖలోని పరిపాలనా సమీక్ష బోర్డు ఒక కేసులో తేల్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యజమాని యూఎస్‌సీఐఎస్‌కు చెప్పకపోవడం వల్ల జీతం బాకీ పెరగవచ్చు గానీ ఉద్యోగి హోదా గడువు మాత్రం ఆగదు. ఆ రెండూ వేర్వేరు చట్టాల లెక్కలు.

కన్సల్టెన్సీల ద్వారా వెళ్లిన వారి విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. క్లయింటు దగ్గర ప్రాజెక్టు ముగిసిందంటే ఉద్యోగం పోయినట్లు కాదు. పిటిషన్ వేసిన కన్సల్టెన్సీయే యజమాని. మరో ప్రాజెక్టు దొరికేదాకా ఉద్యోగిని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపేయడం నిషిద్ధం, పని లేకపోయినా పిటిషన్‌లో రాసిన జీతం ఇచ్చి తీరాలి. వాస్తవంలో కొందరు కన్సల్టెన్సీ యజమానులు "ప్రాజెక్టు వచ్చాక పే రన్ చేస్తాం, అంతవరకు స్టేటస్‌కు ఢోకా లేదు" అని నోటిమాటగా చెబుతారు. ఆ మాట నమ్మి మూడు నెలలు గడిపిన ఉద్యోగికి జీతపు చీటీలైన పే స్టబ్‌లు ఉండవు. తరువాత కొత్త యజమాని పిటిషన్ వేసినప్పుడు ఇటీవలి పే స్టబ్‌లు చూపించమని యూఎస్‌సీఐఎస్ అడిగితే, చివరి జీతం పడిన రోజు నుంచి 60 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. ఈ పరిస్థితిని కనిపెట్టడానికి ఒకే గుర్తు చాలు: నెల గడిచినా ఖాతాలో జీతం పడలేదంటే గడువు నడవడం మొదలైందనే భావించి జాగ్రత్తపడాలి, వెంటనే రాతపూర్వకంగా జీతం అడగాలి, ఆ మెయిళ్లను సొంత మెయిలుకు కాపీ చేసి దాచుకోవాలి.

గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారికి ఒక ఊరట ఉంది. గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది 180 రోజులు దాటిన తరువాత పాత యజమాని దాన్ని ఉపసంహరించుకున్నా, కేవలం ఆ కారణంతో ఆమోదం రద్దు కాదు. మోసం వంటి కారణాలు లేనంతవరకు వరుసలో స్థానాన్ని తేల్చే ప్రయారిటీ డేట్ ఆ వ్యక్తికే మిగులుతుంది, హెచ్-1బికి ఉన్న ఆరేళ్ల పరిమితి దాటినా కొత్త యజమాని హెచ్-1బి పొడిగింపు కోరవచ్చు. కనుక తొలగింపు తేదీ ఆ 180 రోజులకు కొద్దిగా ముందు పడుతుంటే, పిటిషన్‌ను ఇప్పుడే ఉపసంహరించుకోవద్దని సంస్థ లాయరును మర్యాదగా కోరడం వల్ల పోయేదేమీ లేదు.

చివరికి తిరిగి రావలసి వచ్చినా హక్కులన్నీ విమానం ఎక్కగానే పోవు. ఆరేళ్లలో వాడుకోని కాలం సాధారణంగా మిగిలే ఉంటుంది, దానికోసం మళ్లీ లాటరీలో పడనవసరం లేదు, అయితే పైన చెప్పిన లక్ష డాలర్ల షరతు అడ్డుపడుతుందో లేదో చూసుకోవాలి. బెంచ్ కాలపు జీతం ఎగ్గొట్టిన యజమాని మీద కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయవచ్చు. ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు అది చేరాలి, గుంటూరు నుంచైనా పంపవచ్చు. వార్న్ నోటీసు ఎగ్గొట్టిన సందర్భంలో మాత్రం కార్మిక శాఖ జోక్యం చేసుకోదు, ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేయాలి. ఒకే తొలగింపులో పోయిన ఉద్యోగులు కలిసి వేసే దావాల్లో పేరు చేర్చుకోవడానికి తొలగింపు లేఖ, చివరి మూడు పే స్టబ్‌లు, ఐ-94 ప్రతి, పనిచేసిన ఆఫీసు చిరునామా దగ్గర ఉంటే ఉపయోగపడతాయి. సంస్థ మెయిలు తెరుచుకోవడం ఆగిపోకముందే వాటిని దించుకోవాలి.